ఒకే ప్రాజెక్టుకి ఐఆర్ఆర్ 10%, 40% రెండూ వస్తున్నాయి, ఎంఐఆర్ఆర్ మాత్రం 9.43%. ఏది పట్టుకోవాలి?

నరేష్_కేపీహెచ్‌బీ

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో రెండు ఫేజుల అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకి డెవలపర్ వైపు నుంచి షీటు వేస్తున్నాను. అంకెలన్నీ లక్షల్లో. ఆ ఏడాది వచ్చింది, పోయింది తీసేసి మిగిలిన నికరం ఇది:

0వ ఏడాది: −500 (భూ యజమానికి అడ్వాన్సు, పర్మిషన్లు, సైటు పనులు)
1వ ఏడాది: +600 (రెరా రిజిస్ట్రేషన్ తర్వాత మొదటి ఫేజు బుకింగులు)
2వ ఏడాది: +555 (మొదటి ఫేజు వాయిదాలు)
3వ ఏడాది: −751 (రెండో ఫేజు సెల్లారు, స్ట్రక్చరు)
4వ ఏడాది: +788 (రెండో ఫేజు అమ్మకాలు)
5వ ఏడాది: −770 (భూ యజమానికి ఇవ్వాల్సిన మిగతా సొమ్ము, ఫినిషింగు)

నేను `=IRR(B2:G2)` కొడితే 10.00% వచ్చింది. మా పార్ట్‌నర్ తన షీటులో 40.00% చూపిస్తున్నారు. చూస్తే ఆయన `=IRR(B2:G2,0.35)` అని రాశారు. అంకెలు ఒకటే, తేడా ఆ చివరి 0.35 ఒక్కటే. అప్పు మాకు 12%కి వస్తుంది. 40% నిజమైతే ఆలోచించక్కర్లేదు, 10% నిజమైతే దిగకూడదు. `=MIRR(B2:G2,12%,7%)` వేస్తే 9.43% వచ్చింది. ఇంతకీ ఎవరి ఫార్ములా తప్పు?

---

పైథాన్_పంతులు

ఎవరిదీ తప్పు కాదు బ్రదర్. రెండూ సరైన జవాబులే, అసలు ఇబ్బంది అదే.

ఐఆర్ఆర్ అంటే ఎన్‌పీవీని, అంటే అన్ని ఏళ్ల నికరాన్నీ ఒక రేటుతో ఈరోజు విలువకి కుదించి కూడిన మొత్తాన్ని, సున్నా చేసే రేటు. మీ వరసలో ఆరు అంకెలున్నాయి కాబట్టి అది ఐదో డిగ్రీ సమీకరణం. గుర్తులు − + + − + − అని నాలుగుసార్లు మారుతున్నాయి, అంటే పనికొచ్చే జవాబులు నాలుగు దాకా ఉండొచ్చు, రెండు ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. మీకు రెండున్నాయి. ఇది నడిపి చూడండి:

```python
import numpy as np
cf = [-500, 600, 555, -751, 788, -770]
for z in np.roots(cf):
    if abs(z.imag) < 1e-9 and z.real > 0:
        print(round(z.real - 1, 4))
```

0.4, 0.1 అని రెండు వస్తాయి.

ఎక్సెల్ ఈ సమీకరణాన్ని పూర్తిగా విప్పదు. మీరిచ్చిన గెస్ దగ్గర మొదలుపెట్టి తడుముకుంటూ వెళ్లి, మొదట దొరికిన సున్నా దగ్గర ఆగిపోతుంది. గెస్ ఇవ్వకపోతే 10% అని అనుకుంటుంది. 20 ప్రయత్నాల్లో దొరక్కపోతే `#NUM!` అంటుంది. దొరికితే మాత్రం ఇంకో జవాబు కూడా ఉందని చెప్పదు. మీకు 10% రావడానికి, మీ పార్ట్‌నర్‌కి 40% రావడానికి కారణం మొదలుపెట్టిన చోటు వేరు కావడమే.

---

బాలానగర్_బిల్డర్

దీనికింత చర్చ ఎందుకన్నా. ఐఆర్ఆర్ ఎప్పుడూ వచ్చిన డబ్బునంతా అదే రేటుకి తిప్పుతామని అనుకుంటుంది, అందుకే అది అబద్ధాలకోరు. ఎంఐఆర్ఆర్‌లో అప్పు రేటు ఒక చోట, డిపాజిట్ రేటు ఒక చోట పెడితే ఒకే జవాబు వస్తుంది. 9.43%, 12% కంటే తక్కువ, ప్రాజెక్టు వద్దు. అయిపోయింది.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

మీ తీర్పు సరైనదే బాబూ, కానీ కారణం సగమే. మామూలు ప్రాజెక్టులో, అంటే ముందు ఒకసారి డబ్బు పెట్టి తర్వాత రాబట్టుకునేదాంట్లో, ఐఆర్ఆర్‌కి ఆ మళ్ళీ పెట్టుబడి గొడవ అక్కర్లేదు. ప్రతి ఏడాదీ ఇంకా రావాల్సిన బాకీ మీద ఎంత వడ్డీ కిట్టిందో అది చెబుతుంది, అంతే. ఇక్కడ తేడా ఎక్కడుందంటే, ప్రాజెక్టు మధ్యలో మీరు బాకీ ఇచ్చినవాళ్లు కాకుండా బాకీ పడ్డవాళ్లు అవుతున్నారు. ఖాతా పుస్తకంలో రాసుకుంటే కంటికి కనబడుతుంది.

40% దగ్గర ఖాతా వేద్దాం. మొదట −500. ఏడాదికి వడ్డీతో −700, దాని మీద 600 వచ్చాయి, −100. రెండో ఏడాది −140 అయింది, 555 వచ్చాయి, +415. ఇక్కడ చూడండి, ఖాతా మిగులులోకి వచ్చింది. మూడో ఏడాది ఆ 415 కూడా 40% వడ్డీ తెచ్చుకుని 581 అవుతుంది, 751 పోతే −170. నాలుగో ఏడాది −238, 788 వస్తే +550. ఆ 550 మళ్ళీ 40% సంపాదించి సరిగ్గా 770 అవుతుంది, భూ యజమానికి కట్టేస్తాం, సున్నా.

10% దగ్గర కూడా ఇలాగే: −500, +50, +610, −80, +700, మళ్ళీ 770 అయి సున్నా.

రెండూ సరిగ్గా మూతపడ్డాయి. కానీ 40% ఖాతా మూతపడాలంటే నాలుగో ఏడాది చేతిలో ఉన్న ఐదున్నర కోట్లు ఒక్క ఏడాదిలో 2.20 కోట్ల వడ్డీ తేవాలి. ఏ బ్యాంకు ఇస్తుంది? అప్పు మీద రేటూ, మన మిగులు మీద రేటూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవన్నీ.

---

సుజాత_నెల్లూరు

నాదీ ఇలాంటిదే అనిపిస్తోంది, చెప్పగలరా? మనీ బ్యాక్ పాలసీ ఉంది. ఏటా 50,000 కడతాను, ఐదో ఏడాది ఒక లక్ష, పదో ఏడాది ఒక లక్ష వెనక్కి వస్తుంది, చివర్లో పెద్ద మొత్తం. అంటే కట్టడం, రావడం, కట్టడం, రావడం. XIRR వేస్తే ఒక అంకె వస్తోంది. నాకూ రెండు రేట్లు ఉన్నట్టేనా? ఎంఐఆర్ఆర్ వేసుకోవాలా?

---

పైథాన్_పంతులు

అక్కర్లేదు సుజాత గారు. గుర్తులు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టి భయపడకండి, మొదటి నుంచి కూడుకుంటూ వెళ్లండి. ఐదో ఏడాదికి మీరు కట్టినవి రెండున్నర, మూడు లక్షలు, వెనక్కి వచ్చింది ఒక లక్ష. కూడిక ఇంకా మైనస్‌లోనే ఉంది. పదో ఏడాదీ అంతే. చివరి మొత్తం పడ్డప్పుడే ప్లస్‌లోకి వస్తుంది. అలా కూడిక గుర్తు ఒక్కసారే మారితే సున్నా కంటే పైనున్న ఐఆర్ఆర్ ఒక్కటే ఉంటుంది. మీకు వచ్చిన అంకెను నమ్మవచ్చు.

నరేష్ గారి వరస అలాగే కూడితే −500, +100, +655, −96, +692, −78. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు గుర్తు మారింది. అలా కనబడితే ఐఆర్ఆర్ సెల్ మీద నమ్మకం పెట్టుకోకూడదు.

---

సీఎంఏ_స్వాతి

ఆ చివరి −78 ఎవరూ పట్టించుకోలేదేంటి? వడ్డీ లెక్కలేవీ లేకుండా వట్టి కూడిక చేస్తేనే ఈ ప్రాజెక్టులో 78 లక్షలు పోతున్నాయి. వచ్చేది 1,943, పోయేది 2,021. వట్టి లెక్కలో నష్టపోయే ప్రాజెక్టుకి 40% ఐఆర్ఆర్ అని చూపించొచ్చంటే అది ఏం కొలుస్తోందో అర్థం చేసుకోవాలి.

ఎన్‌పీవీని రేటు వారీగా వేసి చూడండి. 0% దగ్గర −78. 7% దగ్గర −15.4. 10% దగ్గర సున్నా. 12% దగ్గర +7.5. 20% దగ్గర +21.4. 40% దగ్గర మళ్ళీ సున్నా. 50% దగ్గర −21.6. 20% దాకా రేటు పెరిగేకొద్దీ ఎన్‌పీవీ పెరుగుతోంది! సాధారణ పెట్టుబడిలో ఇది జరగదు. అప్పు తీసుకున్నవాడి ఖాతాలోనే జరుగుతుంది. బుకింగ్ డబ్బులు ముందు తెచ్చుకుని, భూ యజమాని డబ్బులు చివర్లో కట్టడం అంటే ఈ ప్రాజెక్టు చాలా భాగం అప్పులాంటిదే. అప్పుకి 40% అంటే సంతోషపడాల్సిన అంకె కాదు కదా.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

బాగా చెప్పారమ్మా. ఇది పాత తగువే. 1955లో లోరీ, సావేజ్ ఇద్దరూ చమురు బావి పంపు లెక్కతో ఇదే చూపించారు. పెద్ద పంపుకి 1,600 డాలర్లు అదనంగా పెడితే రెండో ఏడాది రావాల్సిన 10,000 మొదటి ఏడాదే వచ్చేస్తాయి. తేడా వరస −1,600, +10,000, −10,000. ఐఆర్ఆర్ 25%, 400%. కొత్తగా ఒక్క చుక్క నూనె రాలేదు, వచ్చేది ముందుకు జరిగింది. ముందు వచ్చిన ఆ పదివేలు ఒక ఏడాది పాటు మీ దగ్గర ఎంత సంపాదిస్తాయన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు పంపులో ఉండదు.

---

నరేష్_కేపీహెచ్‌బీ

స్వాతి గారు, ఇక్కడే నాకు చిక్కు. 12% దగ్గర ఎన్‌పీవీ +7.5 అన్నారు, అంటే ప్రాజెక్టు తీసుకోవచ్చు. ఎంఐఆర్ఆర్ 9.43%, అంటే వద్దు. ఐఆర్ఆర్ రెండు జవాబులు చెబితే పోనీ అనుకున్నాను. ఎన్‌పీవీ, ఎంఐఆర్ఆర్ ఎప్పుడూ ఒకే మాట చెబుతాయి కదా?

---

సీఎంఏ_స్వాతి

రెండు రేట్లూ ఒకటే పెట్టినప్పుడు ఒకే మాట చెబుతాయి. `=MIRR(B2:G2,12%,12%)` వేయండి, 12.11% వస్తుంది. 12 కంటే కొంచెం ఎక్కువ, ఎన్‌పీవీ కూడా కొంచెం ప్లస్. రెండూ కలిశాయి. మీరు 7% పెట్టారు కాబట్టి విడిపోయాయి.

12% దగ్గర ఎన్‌పీవీ వేసినప్పుడు మిగులు సొమ్ము కూడా 12% తెస్తుందని ఒప్పుకున్నట్టే. మీరు తెచ్చిన అప్పును మధ్యలో తీర్చేసి, ఆ వడ్డీ తప్పించుకోగలిగితే ఆ 12% న్యాయమే. కానీ రెండో ఏడాది మీ ప్రాజెక్టులో తీర్చడానికి అప్పే మిగల్లేదు. డబ్బు ఊరికే కూర్చుంటుంది.

మీ 9.43% ఎలా వచ్చిందో చేత్తో వేస్తే: పోయే డబ్బునంతా 12% దగ్గర ఈరోజుకి తెస్తాం. 500, ఇంకా 751 కి 534.5, 770 కి 436.9. మొత్తం 1,471.5. వచ్చే డబ్బునంతా 7% దగ్గర ఐదో ఏడాది చివరికి తీసుకెళ్తాం. 600 కి 786.5, 555 కి 679.9, 788 కి 843.2. మొత్తం 2,309.5. 1,471.5 ఐదేళ్లలో 2,309.5 కావాలంటే ఏటా 9.43%. వరసలో ఇక ఒక మైనస్, ఒక ప్లస్ మాత్రమే మిగిలాయి కాబట్టి జవాబు ఒక్కటే.

---

బాలానగర్_బిల్డర్

అయితే ఒకటి సరిదిద్దాలి. నరేష్ బ్రదర్‌కి బ్యాంకు 12%కి ఇస్తుందేమో, మాలాంటి వాళ్లకి ప్రైవేటు ఫైనాన్సు 18% పడుతుంది. ఫైనాన్స్ రేటు 18 పెట్టుకుంటే ఎంఐఆర్ఆర్ ఇంకా కింద పడుతుంది, భద్రంగా ఉంటుంది.

---

పైథాన్_పంతులు

వేసి చూశారా అన్నా? `=MIRR(B2:G2,18%,7%)` అంటే 12.29% వస్తుంది. తగ్గలేదు, పెరిగింది.

---

బాలానగర్_బిల్డర్

అదెలా? అప్పు ఖరీదు పెరిగితే ప్రాజెక్టు బాగుపడుతుందా? ఎక్సెల్‌లో తప్పుందా?

---

సీఎంఏ_స్వాతి

ఎక్సెల్‌లో తప్పు లేదు. ఫైనాన్స్ రేటు అనే పేరే దారి తప్పిస్తుంది. ఆ రేటుతో ఎక్సెల్ చేసే పని ఒక్కటే: ముందు ముందు పోయే డబ్బును ఈరోజుకి కుదించడం. మూడో ఏడాది 751 ని 12% దగ్గర కుదిస్తే 534.5, 18% దగ్గర కుదిస్తే 457. రేటు పెరిగేకొద్దీ రేపటి ఖర్చు చిన్నదిగా కనబడుతుంది. ఎంఐఆర్ఆర్ పెరుగుతుంది.

అసలు 751 ని ఈరోజు 534.5 గా రాయడమంటే అర్థం ఏమిటి? ఈరోజు 534.5 పక్కన పెడితే మూడేళ్లలో 12% చొప్పున పెరిగి 751 అవుతుందని. మీరు పక్కన పెట్టిన డబ్బు 12% తెస్తుందా? తేదు. డిపాజిట్ రేటే తెస్తుంది. అందుకని మధ్యలో, చివర్లో పెద్ద ఖర్చులున్న ప్రాజెక్టుకి ఫైనాన్స్ రేటు దగ్గర కూడా 7% పెట్టడమే జాగ్రత్త. అలా `=MIRR(B2:G2,7%,7%)` వేస్తే 6.80% వస్తుంది.

మొదట్లో మాత్రమే ఖర్చున్న ప్రాజెక్టుకి ఈ గొడవే లేదు. కుదించడానికి ముందు ముందు ఖర్చే ఉండదు కాబట్టి ఆ సెల్‌లో 5 పెట్టినా 25 పెట్టినా జవాబు మారదు.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

నేనైతే 7, 7 పెట్టడానికి కూడా ఒప్పుకోను. మొదటి 500 కోసం నిజంగానే 12% కడుతున్నాం కదా, అది ఎక్కడికి పోయింది? ఖాతానే సరిగ్గా రాసుకుంటే సరి. మైనస్‌లో ఉన్నప్పుడు 12%, ప్లస్‌లో ఉన్నప్పుడు 7%. షీటులో ఇంతే:

```
B3: =B2
C3: =C2+IF(B3<0,B3*(1+$J$1),B3*(1+$J$2))
```

J1 లో 12%, J2 లో 7% పెట్టి C3 ని G3 దాకా లాగండి. −500, +40, +597.8, −111.4, +663.3, చివరికి −60.3 వస్తుంది. అంటే ఐదో ఏడాది భూ యజమానికి కట్టేటప్పుడు 60 లక్షలు తక్కువ పడతాయి, జేబులోంచి తేవాలి. ఈ అంకె భాగస్వామికి చూపిస్తే శాతాల గురించి వాదన ఉండదు.

ఇంకో పని చేయండి. గోల్ సీక్‌లో G3 ని సున్నా చేయమని, J2 ని మార్చమని చెప్పండి. 11.12% అని వస్తుంది. అప్పు 12%కే ఉంటే, మిగులు సొమ్ము ఏటా 11.12% సంపాదిస్తే తప్ప ఈ ప్రాజెక్టు సమానం కూడా కాదు.

---

నరేష్_కేపీహెచ్‌బీ

ఈ 11.12% భలే పనికొస్తుంది సార్. పార్ట్‌నర్ వెంటనే అనేది ఏంటంటే, మిగులుతో ఇంకో సైటు కొంటాం, అక్కడ 20% వస్తుంది, కాబట్టి రీఇన్వెస్ట్‌మెంట్ రేటు 7 కాదు 20 పెట్టు అని.

---

సీఎంఏ_స్వాతి

రెండు కారణాల వల్ల వద్దు.

ఒకటి, ఆ రెండో సైటు లాభం రెండో సైటుది. దాన్ని ఇక్కడ కలిపితే ఏ నష్టపు ప్రాజెక్టునైనా లాభంగా చూపించొచ్చు. పైగా ఇది ఏడాదికో రెండేళ్లకో కట్టాల్సిన డబ్బు. మూడో ఏడాది స్ట్రక్చరుకి 751 కావాల్సినప్పుడు ఆ సైటు అమ్ముడుపోకపోతే?

రెండోది చట్టం. రెరా ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన దాంట్లో 70% ఆ ప్రాజెక్టుకే కేటాయించిన బ్యాంకు ఖాతాలో వేయాలి, నిర్మాణానికీ భూమి ఖర్చుకీ మాత్రమే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ముగ్గురూ ధ్రువీకరిస్తేనే తీసుకోవాలి. ఆ డబ్బుతో పక్క సైటు కొనడం కుదరదు. అది ఖాతాలో ఉన్నంతకాలం మహా అయితే బ్యాంకు వడ్డీ. కాబట్టి 7% కూడా కాస్త ఉదారమైన అంకే.

---

బాలానగర్_బిల్డర్

చట్టం మాట నిజమే మేడమ్, కానీ మిగతా 30% మన ఇష్టం కదా. దానికైనా ఎక్కువ రేటు పెట్టుకోవచ్చు. మొత్తానికి ఒకే రేటు పెట్టడం నాకు నచ్చలేదు.

---

సీఎంఏ_స్వాతి

పెట్టొచ్చు, కానీ `MIRR` లో ఒకే సెల్ ఉంది. బ్యాంకర్ గారి ఖాతా పద్ధతిలో అయితే రెండు వరసలు వేసుకుని ఒక్కోదానికి ఒక్కో రేటు ఇవ్వొచ్చు. 30% దగ్గరా నిజంగా దొరికే రేటే రాయండి, ఆశపడే రేటు కాదు.

---

ఒంగోలు_క్వారీ

మధ్యలో ఒక సందేహం. గ్రానైటు క్వారీ లీజు షీటులో నాది కూడా ఎంఐఆర్ఆర్ మరీ ఎక్కువ వస్తోంది. రెండు రేట్లూ 8% పెట్టాను. మొదటి రెండేళ్లు మట్టి తీయడమే, డబ్బు రాదు, ఆ సెల్స్ వదిలేశాను. చివర్లో గుంత పూడ్చే ఖర్చు రాశాను.

---

పైథాన్_పంతులు

వదిలేశాను అంటే ఖాళీగా వదిలేశారా, సున్నా రాశారా? ఖాళీ సెల్‌ని `IRR`, `MIRR` రెండూ లెక్కలోకే తీసుకోవు. రెండు సెల్స్ ఖాళీగా ఉంటే మీ ప్రాజెక్టు రెండేళ్లు కుదించుకుపోయినట్టే. చిన్న ఉదాహరణ: −100, ఖాళీ, 144. ఎక్సెల్ దీన్ని −100, 144 గా చదివి 44% అంటుంది. ఖాళీ చోట 0 రాయండి, 20% వస్తుంది.

అసలు మట్టి తీయడానికి ఖర్చు అవుతుంది కదండీ, ఆ రెండేళ్లు సున్నా కూడా కాదు, మైనస్ ఉండాలి.

---

ఒంగోలు_క్వారీ

ఖాళీగానే ఉన్నాయి. మట్టి ఖర్చు మొత్తం మొదటి సెల్‌లోనే కలిపేశాను. విడదీసి రాస్తాను.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

నరేష్ బాబూ, ఇంకో మాట. స్వాతి గారు చెప్పిన "పక్కన పెట్టడం" పూర్తిగా నిజాయితీగా చేస్తే ఎంత వస్తుందో కూడా చూసుకోండి. ముందు ముందు పోయే డబ్బుకి ఈరోజే కొత్తగా తెచ్చి పక్కన పెట్టక్కర్లేదు, దానికి ముందు ఏడాది వచ్చిన దాంట్లోంచే పెడతాం. ఐదో ఏడాది 770 కట్టాలంటే నాలుగో ఏడాది 719.6 పక్కన పెట్టాలి, 788 లో మిగిలేది 68.4. మూడో ఏడాది 751 కి రెండో ఏడాది 701.9 కావాలి, వచ్చేది 555, తక్కువ పడ్డ 146.9 కోసం మొదటి ఏడాది 137.3 పెట్టాలి, 600 లో మిగిలేది 462.7. చివరికి వరస ఇలా అవుతుంది: −500, +462.7, 0, 0, +68.4. గుర్తు ఒక్కసారే మారింది కాబట్టి మామూలు ఐఆర్ఆర్ వేసుకోవచ్చు. 4.5% వస్తుంది.

నా లెక్కలో ఇదే మీ 500 లక్షలకి నిజంగా వచ్చే రేటు.

---

సీఎంఏ_స్వాతి

దీన్ని నేనూ కాదనను, కానీ బ్యాంకు ఫార్మాట్‌లో ఎంఐఆర్ఆర్ అని రాసిన చోట 4.5 వేస్తే వాళ్ల షీటుతో కలవదు. 9.43 రాసి పక్కనే రెండు రేట్లూ రాయడం నా పద్ధతి. రేట్లు రాయని ఎంఐఆర్ఆర్‌కి అర్థం లేదు, ఎందుకంటే ఈ ఒక్క ప్రాజెక్టుకే 6.80 నుంచి 12.29 దాకా చూశాం.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

ఫార్మాట్ కోసం 9.43 రాయండి, నిర్ణయం మాత్రం 4.5 చూసి తీసుకోండి. 9.43 లో 12% దగ్గర కుదించిన 770 దాగి ఉంది, అది నాకు మింగుడు పడదు.

---

నరేష్_కేపీహెచ్‌బీ

ఏ లెక్కలో చూసినా 12% దాటడం లేదు, 12–12, 18–7 తప్ప. సరే, ప్రాజెక్టు వదిలేయకుండా ఏం మారిస్తే కిడుతుంది? 5వ ఏడాది 770 లో భూ యజమాని వాటా ఎక్కువ. ఆయనకి నాలుగో ఏడాదే ఇచ్చేస్తానంటే కొంచెం తగ్గించుకుంటారు.

---

గుంటూరు_రిటైర్డ్_బ్యాంకర్

ఖాతాలో చూడండి, నాలుగో ఏడాది చివర చేతిలో 663 ఉంటుంది. ఐదో ఏడాది 770 బదులు నాలుగో ఏడాదే 663కి సరిపెట్టుకుంటే ఖాతా సున్నాకి మూతపడుతుంది. అంటే ఆయన ఒక్క ఏడాది ముందు తీసుకున్నందుకు 107 లక్షలు వదులుకోవాలి, ఏడాదికి 16% వడ్డీతో సమానం. ఒప్పుకోకపోవచ్చు. కానీ మీ మిగులు 7% తెస్తున్నప్పుడు, ఆయన 7 కంటే ఎక్కువ ఎంత వదులుకున్నా మీకు లాభమే. 10% దగ్గర అంటే 700కి ఒప్పుకుంటే లోటు ఐదో ఏడాది 60 నుంచి నాలుగో ఏడాది 37కి తగ్గుతుంది. మిగతా 37 ఫినిషింగులోనో రెండో ఫేజు రేట్లలోనో వెతకాలి.

అయితే ఫినిషింగు భాగాన్ని ముందుకు జరపలేరు, అది పని అయ్యాకే అయ్యే ఖర్చు. 770 ని రెండుగా విడగొట్టి రాయండి.

---

పైథాన్_పంతులు

విడగొట్టేటప్పుడే త్రైమాసికాల్లోకి మార్చండి నరేష్ గారు. బుకింగులు ఏడాది చివర ఒక్కసారి రావు. అలా చేస్తే రేట్లు 12/4, 7/4 అని భాగించకండి. 12% కి త్రైమాసికం `=1.12^(1/4)-1`, అంటే 2.87%. `MIRR` ఇచ్చేది కూడా త్రైమాసిక రేటే, దాన్ని `=(1+x)^4-1` చేసి ఏడాదికి తేవాలి. తేదీల వారీగా `XIRR` ఉంది కానీ ఎక్సెల్‌లో దానికి జోడీగా తేదీలు తీసుకునే ఎంఐఆర్ఆర్ ఫంక్షన్ లేదు. తేదీలు కావాలంటే బ్యాంకర్ గారి ఖాతానే, రోజుల వడ్డీతో.

---

బాలానగర్_బిల్డర్

ఒక్కటి తేలలేదు. ఆ 70% ఖాతాలో ఇరుక్కున్న డబ్బును డెవలపర్‌కి వచ్చినట్టు 1వ ఏడాదే +600 అని రాయడం కరెక్టేనా? మా చేతికి వచ్చేది విత్‌డ్రా చేసినప్పుడే కదా.

---

సీఎంఏ_స్వాతి

మంచి ప్రశ్న. ప్రాజెక్టు లెక్కయితే అమ్మకం డబ్బు వచ్చిన రోజే రాయాలి. డెవలపర్ సొంత పెట్టుబడి లెక్కయితే ఖాతాలోంచి బయటికొచ్చిన రోజు రాయాలి. రెండో విధంగా రాస్తే మొదటి రెండేళ్ల ప్లస్‌లు చాలావరకు మాయమై, మూడో ఏడాది మైనస్ కూడా ఆ ఖాతాలోంచే తీరుతుంది. గుర్తుల మార్పులు తగ్గి, అంకె బ్యాంకర్ గారి 4.5 వైపు వెళ్తుందని నా అంచనా. నరేష్ గారు, ఆ 600, 555 లలో కొనుగోలుదారుల మొత్తం వసూలు ఎంత, అందులోంచి పోయిన నిర్మాణ ఖర్చు ఎంత అని విడిగా పెడితే వేసి చూద్దాం. ఇప్పుడున్న నికర అంకెలతో అది తేలదు.

---

నరేష్_కేపీహెచ్‌బీ

విడివిడిగా త్రైమాసికాల్లో రాసి సోమవారం పెడతాను. 770 లో భూ యజమానిది 610, ఫినిషింగు 160.